మొదటి స్లైడు మీద ఏ పేరు రాయాలి?

పిల్లల చదువుల మీద అప్పుడప్పుడూ రాస్తున్నాను కదా, ఇవాళ్టిది ఒక పవర్‌పాయింట్ గురించి. నవ్వకండి. పధ్నాలుగు స్లైడ్ల పవర్‌పాయింట్. అందులోనూ మొదటి స్లైడు గురించి, మధ్యలో భాగాలు విడదీసే నాలుగు స్లైడ్ల గురించి మాత్రమే. ఆ ఐదింటి దగ్గర మా ఇంట్లో రెండు రోజుల పాటు పెద్ద చర్చ జరిగింది. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథానికి పేరు పెట్టేటప్పుడు కూడా నేను అంత ఆలోచించలేదు.

శనివారం సాయంత్రం ఊరెళ్ళేసరికి మా అన్న కూతురు అరుగు మీద కాచుక్కూర్చుంది. తొమ్మిదో తరగతి. ఊళ్ళో హైస్కూల్లోనే చదువుతోంది. శుక్రవారం సైన్స్ ఫెయిర్. ప్రయోగం అయిపోయింది, లెక్కలు నోటుబుక్కులో ఉన్నాయి, స్లైడ్లు మిగిలాయి. "అత్తా, నీ లాప్‌టాప్ తెచ్చావా?" అని అడిగిందే తప్ప మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

ముందు ప్రయోగం సంగతి చెప్పాలి. అది తెలియకపోతే స్లైడ్ల గొడవ అర్థం కాదు.

మా వదిన ఎప్పుడూ అనే మాటే దాని ప్రయోగం. "ఈ బోరు నీళ్ళలో సబ్బు అరిగిపోద్ది గానీ నురగ రాదు." నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువుంటే సబ్బు ముందు వాటితో కలిసి తెల్లటి తెట్టుగా విరిగిపోతుంది. ఆ లవణాల పని అయ్యాకే నురగ. కాబట్టి నురగ నిలవడానికి ఎన్ని చుక్కల సబ్బు నీళ్ళు పట్టాయో లెక్కపెడితే, ఏ నీళ్ళు ఎంత కఠినమో పోల్చవచ్చు. ఇది, దీని స్నేహితురాలు కలిసి మూడు నీళ్ళు తెచ్చారు. వాన నీళ్ళు, ఊళ్ళో ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ళు, మా కాలనీ బోరు నీళ్ళు. ఒకే రకం సీసాల్లో వంద మిల్లీలీటర్లు చొప్పున పోశారు. వాన నీళ్ళలో కరిగించిన ఒంటి సబ్బు ద్రావణాన్ని డ్రాపర్‌తో చుక్కచుక్కగా వేస్తూ, ప్రతిసారీ మూత పెట్టి ఊపుతూ, నురగ ఒక నిమిషం నిలిచేదాకా లెక్కపెట్టారు. బట్టల సబ్బు వాడొద్దని వాళ్ళ టీచర్ ముందే చెప్పారట. వాటిలో చాలావరకు డిటర్జెంట్లు, అవి కఠిన జలంలోనూ నురగ ఇస్తాయి, ప్రయోగం చెడిపోతుంది. మూడేసి సార్లు చేసి సగటు తీశారు. వాన నీళ్ళకు 6 చుక్కలు, ట్యాంకు నీళ్ళకు 14, మా బోరుకు 31.

ఇంత శుభ్రమైన పని చేసిన పిల్లలు తయారుచేసిన మొదటి స్లైడు చూసి నాకు నోట మాట రాలేదు.

నీలం రంగు నేపథ్యం, కిందికి పోయేకొద్దీ నలుపు. దాని మీద ఎర్ర అక్షరాలతో, నీడలు పెట్టి, వంపు తిప్పి "నీటి కాఠిన్యత - ఒక అధ్యయనం". ఒక మూల తిరిగే భూగోళం. మధ్యలో ఇంటర్నెట్లో దొరికిన కుళాయి బొమ్మ, దాని మీద ఆ బొమ్మల కంపెనీ ముద్ర అడ్డంగా. కింద ప్రధానోపాధ్యాయుల పేరు పెద్ద అక్షరాల్లో, గైడ్ టీచర్ పేరు ఇంకొంచెం చిన్నగా, ప్రయోగం చేసిన ఇద్దరి పేర్లు అట్టడుగున, వెతికితే దొరికేంత చిన్నగా.

"ఇది నువ్వు చేసినట్టు ఎవరికైనా తెలిసిద్దా?" అన్నాను.

"కింద రాశాంగా అత్తా."

సరే, పేర్ల దగ్గరికి తర్వాత వద్దాం అనుకుని ముందు కనపడే జబ్బులకు వైద్యం మొదలుపెట్టాం.

మొదటి జబ్బు రంగు. నీలం మీద ఎరుపు లాప్‌టాప్‌లో ధగధగలాడుతుంది. అది హాల్లో కనిపిస్తుందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. స్లైడును నలుపు తెలుపు బొమ్మగా మారిస్తే రంగులన్నీ పోయి బూడిద ఛాయలే మిగులుతాయి. మార్చాం. శీర్షిక మాయమైపోయింది! ఎరుపూ నీలమూ వేరు వేరు రంగులే గానీ, వాటి ముదురుతనం దాదాపు ఒకటే. చదవడానికి కన్ను ఆధారపడేది ప్రధానంగా ఈ ముదురు, లేత తేడా మీద. దీనికి తోడు ప్రొజెక్టర్ నలుపును వెయ్యలేదు. వెలుతురును మాత్రమే వెయ్యగలదు. స్లైడులో నలుపు అంటే గోడ మీద వెలుతురు పడని చోటు, అంతే. కిటికీలు తెరిచి ఉన్న స్కూలు హాల్లో ఆ చోటు బూడిద రంగు గోడలాగే ఉంటుంది. మన ఫెయిర్లకు నల్లటి సినిమా హాలు దొరకదు. అందుకని తెల్ల నేపథ్యం మీద బాగా ముదురు నీలం అక్షరాలు ఎంచుకున్నాం. పిల్లకు నచ్చలేదు. "పెళ్ళికి తెల్లచీర కట్టినట్టుంది" అంది. ఆదివారం పొద్దున స్కూలు ప్రొజెక్టర్ మీద రెండూ వేసి చూశాక ఒప్పుకుంది.

రెండో జబ్బు అక్షరాలు. ఇది నా సబ్జెక్టు కాబట్టి కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఓపిక పట్టండి.

వాళ్ళు శీర్షికను ఊళ్ళో డీటీపీ సెంటర్లో కొట్టించుకుని తెచ్చారు. డీటీపీలో వాడే పాత అను ఫాంట్లు యూనికోడ్ కాదు. అక్కడ మీకు "నీ" అని కనిపించేది, కంప్యూటర్ లోపల ఏదో ఇంగ్లీషు గుర్తే. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో తెలుగులా కనిపిస్తుంది, లేని కంప్యూటర్లో పిచ్చి గీతలవుతుంది. నా లాప్‌టాప్‌లో సరిగ్గా అదే అయ్యింది. శుక్రవారం ఫెయిర్‌లో కాకుండా శనివారం మా అరుగు మీద అవడం అదృష్టం. మొత్తం యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేసింది. ఫోన్లో మనం వాట్సాప్ మెసేజీలు కొట్టే తెలుగు అదే కదా, దానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

తర్వాత ఫాంట్ల ఎంపిక. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్ల జాబితా తెరిస్తే ధూర్జటి, పెద్దన, తిమ్మన, సూరన, నేను ఎంఏలో చదివిన కవులంతా వరుసగా కూర్చుని ఉన్నారు. "వీళ్ళంతా ఎవరత్తా?" అంటే అరగంట క్లాసు పీకబోయాను. "స్లైడ్ల సంగతి చూడు" అంది. శీర్షికకు లావుగా ఉండే Ramabhadra, మిగతా అంతటికీ సన్నగా, తేటగా ఉండే Mandali. రెండే. మూడోది వద్దు.

ఇక్కడ తెలుగులో ఎదురయ్యే రెండు ఇబ్బందులు చెప్పాలి. ఇంగ్లీషు టెంప్లేట్లు తయారుచేసినవాళ్ళు మన ఒత్తుల్ని తలుచుకుని చెయ్యలేదు. శీర్షిక రెండు వరుసలైతే పై వరుసలో "నీళ్ళు", "సబ్బు" కింద వేలాడే ఒత్తులు వెళ్ళి కింది వరుసలోని గుళ్ళకూ తలకట్లకూ గుద్దుకుంటాయి. చాలా టెంప్లేట్లలో శీర్షిక వరుసల ఎడం ఒకటి కంటే కూడా తక్కువ ఉంటుంది. పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో Line Spacing దగ్గర Multiple ఎంచుకుని 1.2 పెట్టాం. ఒత్తులు ఊపిరి పీల్చుకున్నాయి. రెండోది, అలవాటుగా B బటన్ నొక్కడం. Ramabhadra అసలే లావు ఫాంటు, దానికి విడిగా బోల్డు రూపం లేదు. B నొక్కితే ఉన్న గీతల్నే యంత్రం ఇంకా ఉబ్బిస్తుంది. "థ" పొట్టలో చుక్క, "ఠ" లోపలి ఖాళీ పూడుకుపోతాయి. దగ్గర్నుంచి తెలియదు. గది చివర నిలబడితే అక్షరం బదులు ఒక మచ్చ కనిపిస్తుంది.

ఇక శీర్షిక. "నీటి కాఠిన్యత - ఒక అధ్యయనం" అన్నది నాకు బాగా తెలిసిన రోగం. మా యూనివర్సిటీల తెలుగు శాఖల్లో బీరువాల నిండా "ఒక అధ్యయనం", "ఒక పరిశీలన", "సమగ్ర పరిశోధన"లే. నాదీ అందులో ఒకటి. అలాంటి శీర్షిక లోపల ఏముందో చెప్పదు. ఎవరు ఏం అడిగారో చెప్పదు. పుస్తకమైతే తిరగేసి చూడొచ్చు. ఫెయిర్‌లో నిర్ణేత ఒక్కో బల్ల దగ్గర నిలబడేదే కొన్ని నిమిషాలు.

"నువ్వు అసలు ఏం తెలుసుకోవాలనుకున్నావు? మీ అమ్మతో చెప్పినట్టు చెప్పు" అన్నాను.

"మన బోరు నీళ్ళలో సబ్బెందుకు నురగ రాదు అని."

"అదే శీర్షిక."

అది టైపు చేసింది. చేసి, కాసేపు చూసి, "మన" అన్న మాట చెరిపేసింది.

అసలు గొడవ ఇక్కడ మొదలైంది.

"మన" అంటే ఎవరి బోరు అని అడుగుతారు. ఎస్సీ కాలనీ బోరు అని చెప్పాలి. "అలా రాస్తే అందరికీ తెలిసిపోద్ది అత్తా." నోటుబుక్కు తీసి చూశాను. ప్రయోగం పట్టికలో కూడా శాంపిల్ ఎ, శాంపిల్ బి, శాంపిల్ సి అనే ఉన్నాయి. ఏ సీసా ఎక్కడిదో ఒక్క చోటా లేదు. గైడ్ టీచర్ కూడా చెప్పారట, కాలనీ అనే మాట ఎందుకమ్మా, గ్రామంలోని ఒక బోరు అని పెట్టు చాలు అని. ఆయన చెడ్డవాడు కాదు. ఈ పిల్లలకు డ్రాపర్లు, కొలజాడీ సొంత డబ్బులతో కొనిచ్చినవాడు. పిల్లకు ఇబ్బంది రాకూడదనే చెప్పి ఉంటాడు.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఎంత మండిందంటే, లాప్‌టాప్ నా వైపు తిప్పుకుని, శీర్షిక కింద రామభద్రలోనే "ఎస్సీ కాలనీ బోరు" అని ఆ స్లైడులోకెల్లా పెద్ద అక్షరాలు కొట్టాను. పదో తరగతిలో ఒక కొత్త టీచరు మీ ఇల్లెక్కడ అంటే "బస్టాండు వెనకాల" అని చెప్పిన అమ్మాయిని నేను. బస్టాండు వెనకాల మా పల్లె ఒక్కటే ఉండేది, ఆ సంగతి ఆయనకు తెలిసే నవ్వాడు. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుందామనిపించింది.

పిల్ల ఏమీ అనలేదు. లేచి లోపలికెళ్ళి పడుకుంది.

రాత్రి ఆ స్లైడు ముందు ఒక్కదాన్నే కూర్చున్నాను. చూసేకొద్దీ రెండు సంగతులు అర్థమయ్యాయి. ఒకటి, అది ఆ పిల్ల స్లైడు కాదు. నా పోస్టరు. దాన్ని మోసుకుని హాల్లో నిలబడాల్సింది మాత్రం తను. రెండోది డిజైన్ సంగతి. మొదటి స్లైడులో అన్నిటికంటే పెద్దగా ఉన్న మాటే ఆ ప్రాజెక్టు అడిగే ప్రశ్న అనుకుంటారు చూసేవాళ్ళు. వాళ్ళ ప్రశ్న నీళ్ళ గురించి. ఊరి పేరు, వాడ పేరు ప్రశ్న కాదు, నమూనా ఎక్కడిదో చెప్పే వివరం. ఆ వివరం లేకపోతే ఇంకెవరూ వెళ్ళి అవే నీళ్ళు తెచ్చి మళ్ళీ కొలవలేరు. మళ్ళీ కొలవలేనిదాన్ని నమ్మమని అడగలేం. కాబట్టి అది దాచిపెట్టకూడదు, అలాగని పతాకంలా ఎగరేయనూ అక్కర్లేదు. ఉండాల్సిన చోట, మిగతా రెండు సీసాల పేర్లతో సమానమైన అక్షరాల్లో ఉండాలి.

పొద్దున్నే పిల్లకు ఇదే చెప్పాను. బాకీ సంగతి కూడా చెప్పాను. నవ్వింది. "బస్టాండు వెనకా!" అని మళ్ళీ మళ్ళీ నవ్వింది. తర్వాత తనే కూర్చుని రాసింది.

పెద్ద అక్షరాల్లో రెండు వరుసలు: "ఒకే ఊరు, మూడు నీళ్ళు". దాని కింద అందులో సగం సైజులో: "సబ్బు ఎక్కడ నురగ వస్తుంది, ఎక్కడ రాదు, ఎందుకు?" "ఊరు," దగ్గర వరుస విరగాలి కదా, ఎంటర్ కొడితే అది కొత్త పేరా అయ్యి ఎడం పెరిగింది. Shift + Enter కొడితే అదే పేరాలో వరుస మాత్రమే మారుతుంది. ఎక్కడ విరగాలో యంత్రానికి వదిలేస్తే అది జాగా చూస్తుంది, అర్థం చూడదు. "మూడు" పైనా "నీళ్ళు" ఒక్కటే కిందా పడేస్తుంది.

కుళాయి బొమ్మ తీసేసి సొంత ఫోటో పెట్టాం. మూడు సీసాల్లోనూ సరిగ్గా పదేసి చుక్కలు వేసి, ఊపి, కిటికీ గట్టు మీద వరుసగా నిలబెట్టి తీశారు. వాన నీళ్ళ సీసాలో మెడ దాకా నురగ. ట్యాంకు నీళ్ళలో పల్చటి పొర. బోరు నీళ్ళలో నురగే లేదు, విరిగిన పాలలాగా తెల్లటి పలుకులు. ఒక్కమాట చదవకుండానే ప్రశ్న ఏమిటో కనిపిస్తుంది. ఫోన్ అడ్డంగా పట్టుకుని, సీసాలు కుడివైపు వచ్చేట్టు, ఎడమవైపు ఖాళీ గోడ మిగిలేట్టు తీయమన్నాను. అక్షరాలు ఆ ఖాళీ గోడ మీద కూర్చుంటాయి. బొమ్మ మీద బొమ్మగా అక్షరాలు పడితే రెండూ చెడతాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గిపోతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపించుకున్నాం.

సీసాల మీద చీటీలు అంటించి తన చేత్తోనే రాసింది. "వాన", "ఊరి ట్యాంకు", "కాలనీ బోరు". మూడూ ఒకే సైజు. నేను ఏమీ అనలేదు.

పేర్ల సంగతి దీని తర్వాత తేలిగ్గానే తేలిపోయింది. శీర్షిక కింద పని చేసినవాళ్ళ పేర్లు, తరగతి. దాని కింద ఒక్క వరుసలో స్కూలు పేరు, గైడ్ టీచర్ పేరు. ప్రధానోపాధ్యాయుల పేరు చివరి స్లైడులో కృతజ్ఞతల్లోకి వెళ్ళింది. ఆయన చూసి ఏమంటారోనని భయపడ్డారు గానీ, ఆయన అసలు గమనించలేదు.

ఇక విడదీసే స్లైడ్లు. వీళ్ళ దగ్గర అలాంటివి పన్నెండు ఉన్నాయి. పరిచయం, లక్ష్యం, ఉద్దేశం, పరికల్పన, పరికరాలు, విధానం, పరిశీలనలు, ఫలితాలు, ముగింపు, ఆధారాలు, కృతజ్ఞతలు, ధన్యవాదాలు. ఒక్కోదాని వెనక ఒక్క స్లైడు. కొన్నిటి వెనక రెండు వాక్యాలు. ఐదు నిమిషాల ప్రసంగంలో పన్నెండు తలుపులు తెరిచి మూస్తుంటే ఇంట్లో ఏముందో ఎవరు చూస్తారు? మేం పెట్టుకున్న లెక్క ఒకటే. వెనక కనీసం రెండు స్లైడ్లు లేనిదానికి ముందు విడదీసే స్లైడు అక్కర్లేదు, ఆ మాటను ఆ స్లైడు శీర్షికగా పెడితే సరిపోతుంది. అలా వడగడితే నాలుగు మిగిలాయి. వాటి పేర్లు కూడా పాఠ్యపుస్తకం మాటలు తీసేసి ప్రశ్నలుగా మార్చారు: ఏం అడిగాం? ఎలా కొలిచాం? ఏం కనిపించింది? ఏం చెప్పలేం?

నాలుగోది పిల్ల సొంతం. దాని సంగతి చివర చెబుతాను.

చేసే పద్ధతి కూడా చెప్పాలి, ఎందుకంటే వీళ్ళు ఒక్కో స్లైడు విడిగా గీశారు. ఒకదాంట్లో శీర్షిక కాస్త పైన, ఇంకోదాంట్లో కాస్త కింద. స్లైడు మారినప్పుడల్లా అక్షరాలు ఎగిరినట్టుంటుంది. View > Slide Master లోకి వెళ్తే ఎడమవైపు లేఅవుట్ల వరుస వస్తుంది. అందులో Title Slide, Section Header అని రెండు ముందే ఉంటాయి. Section Header ను ఒక్కసారి సరిచేశాం. ఎడమవైపు మూడో వంతు వెడల్పు ముదురు నీలం పట్టీ, అందులో తెల్లటి పెద్ద అంకె. కుడివైపు తెలుపు మీద ప్రశ్న. అంతే. తర్వాత నాలుగు చోట్లా అదే లేఅవుట్ వాడితే, అక్షరం సైజు మార్చాలన్నా రంగు మార్చాలన్నా ఒక్క చోట మారిస్తే నాలుగూ మారతాయి. Home మెనూలో Section అని కూడా ఒకటి ఉంటుంది, దాంతో తికమక పడొద్దు. అది తయారుచేసేవాళ్ళ సౌకర్యానికి స్లైడ్లను కట్టలుగా కట్టేది, తెర మీద ఏమీ కనిపించదు.

ఇక్కడ నేనో తప్పు చేయించాను. ఎంతవరకు వచ్చామో తెలిసేట్టు ప్రతి విడదీసే స్లైడు కింద నాలుగు చిన్న సీసాలు గీయించాను. మొదటి భాగంలో ఒకటి నిండుగా, రెండో భాగంలో రెండు నిండుగా, అలాగ. మురిసిపోయాను. సోమవారం వాళ్ళ టీచర్ చూసి అడిగారట. "నీళ్ళు మూడు రకాలేగా, నాలుగో సీసా ఎక్కడిది? రెండు సీసాలే ఎందుకు నిండాయి?" అలంకారం అనుకుని పెట్టింది ఆయనకు ఫలితంలా కనిపించింది. ఆయనదే న్యాయం. సీసాలతో ప్రయోగం చేసినచోట సీసా బొమ్మ అలంకారం కాలేదు. ఫోన్లో చెప్పింది, తీసేయమన్నాను. వాటి బదులు నాలుగు చుక్కలు పెట్టి, నడుస్తున్న భాగం చుక్కకు మాత్రం రంగు వేశారు. చుక్కలూ లెక్కపెట్టారు కదా అంటారేమో, ఆ మాట దానికి నేను చెప్పలేదు.

విడదీసే స్లైడు దగ్గర ఆగేది మూడు నాలుగు సెకన్లు. ఆ సెకన్లకు వీళ్ళు మంచి పని పెట్టుకున్నారు. ఇద్దరూ మాట్లాడాలి కదా, ఎవరు ఎప్పుడు మాట్లాడాలన్న తడబాటు లేకుండా, అంకె మారినప్పుడల్లా మాట్లాడే మనిషి మారుతుంది. ఒకరు ప్రశ్న చదివి పక్కకు తప్పుకుంటారు, రెండోవాళ్ళు జవాబు మొదలుపెడతారు.

ఇంకో ఉపయోగం ఉంది. స్లైడ్‌షో నడుస్తుండగా అంకె కొట్టి Enter నొక్కితే నేరుగా ఆ స్లైడుకు వెళ్తుంది. విడదీసే స్లైడ్లు 2, 5, 9, 12. ఈ నాలుగంకెలూ చీటీ మీద రాసుకున్నారు. ఎవరైనా ప్రశ్న అడిగితే "ఒక్క నిమిషం సార్" అంటూ వెనక్కి నొక్కుకుంటూ పోవక్కర్లేదు.

చివరిగా ఫైలును భద్రం చేయడం. File > Options > Save లో Embed fonts in the file అనే గడి ఉంటుంది. అది టిక్ చేస్తే ఫాంట్లు ఫైలు లోపలే ప్రయాణం చేస్తాయి. లేకపోతే యూనికోడ్ కాబట్టి అక్షరాలు పోవు గానీ, అక్కడున్న ఇంకేదో ఫాంటు వచ్చి కూర్చుని, సైజులు మారి, వరుసలు ఎక్కడో విరుగుతాయి. పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్ కూడా ఒకటి పెట్టుకోమన్నాను. ఫెయిర్‌లో ప్రొజెక్టర్ పాతది, దాదాపు చతురస్రంగా వేసేది. మా స్లైడ్లు వెడల్పువి. పైనా కిందా నల్లపట్టీలు వచ్చి బొమ్మ చిన్నదైంది. ముందే తెలిస్తే Slide Size ను 4:3 కు మార్చుకునేవాళ్ళం. అక్షరాలు పెద్దవి కాబట్టి గట్టెక్కాం.

శుక్రవారం నాకు కాలేజీ ఉంది, వెళ్ళలేకపోయాను. పిల్ల రాత్రి ఫోన్ చేసి చెప్పింది.

నిర్ణేతల్లో ఒకావిడ మొదటి స్లైడు దగ్గరే ఆపి, సీసాల మీది చీటీలు చదివి, "ఈ కాలనీ మీదేనా?" అని అడిగిందట. "అవును మేడమ్" అంది. "ట్యాంకు నీళ్ళు మీకు రావా?" "రోజు విడిచి రోజు వస్తాయి. చివర ఉంటాం కాబట్టి తాగడానికి పట్టుకునేసరికి ఆగిపోతాయి. బట్టలకు బోరే." ఆవిడ ఏదో రాసుకుందట. ఏం రాసుకుందో మాకు తెలియదు.

ఆఖర్న ఇంకో నిర్ణేత అడిగాడట. "అయితే ఈ బోరు నీళ్ళు తాగకూడదంటావా?"

పిల్ల 12 కొట్టి Enter నొక్కింది. తెర మీద: "ఏం చెప్పలేం?"

దాని వెనక రెండు స్లైడ్లున్నాయి. మా చుక్కల లెక్క ఏ నీళ్ళు ఎక్కువ కఠినమో మాత్రమే చెబుతుంది. తాగునీటికి దేశంలో పాటించే ఐఎస్ 10500 ప్రమాణం మొత్తం కాఠిన్యతను లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా ఆమోదిస్తుంది, వేరే నీటి ఆధారం లేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. మా 31 చుక్కలు ఎన్ని మిల్లీగ్రాములో చెప్పాలంటే, కాఠిన్యత ముందే తెలిసిన నీళ్ళతో మా డ్రాపర్‌ను సరిచూసుకోవాలి. అది మా దగ్గర లేదు. ఫ్లోరైడు ఉందో లేదో, క్రిములున్నాయో లేదో సబ్బుకు తెలియదు. ఒక బోరు, ఒక వారం నీళ్ళతో వేసవి సంగతి చెప్పలేం. ఇవన్నీ చదివి, "తాగకూడదని మేం చెప్పలేం సార్. కొలిచి చెప్పమని మాత్రం అడగగలం" అందట.

ఆ చివరి వాక్యం స్లైడులో లేదు. నేను నేర్పలేదు కూడా.

బహుమతి రాలేదు. పాల్గొన్నందుకు సర్టిఫికెట్ ఇచ్చారు, ఇద్దరి పేర్లలోనూ ఒక్కో అక్షరం తప్పు. పక్క బల్ల వాళ్ళ స్లైడ్లు మాత్రం తెర మీద పిచ్చి గీతలుగా వచ్చాయట, డీటీపీ ఫాంటే. పాపం ఆ పిల్లలు నోటితోనే చెప్పుకొచ్చారట. వచ్చే ఏడాది వాళ్ళకు యూనికోడ్ సంగతి చెబుతానంది.

మొదటి స్లైడును ఒక కాగితం మీద రంగుల్లో ప్రింటు తీయించి పంపాను. మా వదిన దాన్ని గూట్లో దేవుడి క్యాలెండర్ పక్కన ఆనించిందట. ఆమెకు చదవడం రాదు. మూడు సీసాలూ చూసి, వేలు తిన్నగా మూడోదాని మీద పెట్టి అడిగిందట.

"ఇది మన బోరే కదంటే?"

"అవునమ్మా. పేరు రాశాగా."